వెన్ చిత్రం పోయిన ప్రశ్న: పటాన్ని మాటల్లో రాయడం, పోయిన పటాన్ని రాబట్టడం

తిరుపతిలో బాలాజీ కాలనీ చుట్టుపక్కల రూముల్లో ఉంటూ కానిస్టేబుల్, గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు ఒకే సమస్యను మళ్లీ మళ్లీ తెస్తుంటారు. వాట్సాప్ గ్రూపులో ప్రశ్న వస్తుంది. "పై పటం ఆధారంగా" అని మొదలవుతుంది. పైన పటం మాత్రం ఉండదు. ఒక్కోసారి దాని స్థానంలో నాలుగైదు అంకెలు చిందరవందరగా పడి ఉంటాయి. ప్రశ్నలు టైప్ చేసి పెట్టే టీచర్లది మరో వైపు సమస్య. పటం గీసే తీరిక లేక దాన్ని మాటల్లోకి మార్చి పెడతారు. ఆ మాటల్లో ఒక్క చోట పట్టు జారితే జవాబే మారిపోతుంది.

ఈ మార్గదర్శి ఆ రెండు పనుల గురించే. ఉన్న పటాన్ని మాటల్లో ఎలా రాయాలో ముందు చూద్దాం. పోయిన పటాన్ని ఎంతవరకు రాబట్టవచ్చో ఆ తర్వాత చూద్దాం. మొదటిది బాగా వస్తేనే రెండోది తేలిక. అందుకే ఈ వరుస. మొత్తం ఒకే ఉదాహరణ మీద నడుపుతాను. అంకెలు నేను కల్పించుకున్నవి.

తిరుమల దర్శనం చేసుకున్న 120 మంది యాత్రికులను "తిరుచానూరు, శ్రీకాళహస్తి, కాణిపాకం, ఈ మూడింటిలో ఏవేవి చూశారు?" అని అడిగారనుకుందాం. పటంలో మూడు వృత్తాలున్నాయి. పైన ఎడమవైపు తిరుచానూరు, పైన కుడివైపు శ్రీకాళహస్తి, కింద కాణిపాకం. చుట్టూ ఒక దీర్ఘచతురస్రం.

## 1. రాసే ముందు: ప్రతి అంకె ఎక్కడ కూర్చుందో చూడండి

వెన్ చిత్రంలో అంకెకు అర్థం అది కూర్చున్న చోటును బట్టి వస్తుంది. పటం పోయినప్పుడు అసలు నష్టం అంకెలది కాదు, ఈ చోటుది. కాబట్టి రాయడానికి ముందు ప్రతి అంకె పక్కన దాని చోటు రాసుకోండి. మూడు రకాల చోట్లుంటాయి.

వృత్తాల గీతల మధ్య ఏర్పడిన భాగంలో ఉంటే ఆ అంకె ఆ ఒక్క భాగానిదే. పక్క భాగంలో ఉన్నవాళ్లు అందులో లేరు.

వృత్తం బయట, దాని పేరు పక్కన ఉంటే అది సాధారణంగా ఆ వృత్తం మొత్తానిది. "తిరుచానూరు 72" అని పేరు పక్కన ఉంటే, మిగతా రెండు వృత్తాలతో పంచుకున్న వాళ్లూ ఆ 72లో ఉన్నట్టే.

దీర్ఘచతురస్రం మూలలో ఉంటే ఆగి ఆలోచించాలి. అది మొత్తం జనం సంఖ్య కావచ్చు, ఏ వృత్తంలోనూ లేనివాళ్ల సంఖ్య కావచ్చు. పక్కన U అనో μ అనో విశ్వసమితి గుర్తు ఉంటే మొత్తం అయ్యే అవకాశం ఎక్కువ. గుర్తేమీ లేకుండా మూలలో ఒంటరిగా ఉంటే బయటివాళ్లే కావచ్చు. అన్ని భాగాలనూ కూడి చూస్తే తేలిపోతుంది. ఆ అంకె లోపలి భాగాల మొత్తం కంటే తక్కువైతే అది జనాభా మొత్తం కాలేదు.

మన పటంలో లోపల ఏడు అంకెలున్నాయి: 28, 18, 10, 14, 12, 6, 8. వాటిని కూడితే 96. మూలలో 24 ఉంది. 96 కంటే 24 తక్కువ కాబట్టి అది బయటివాళ్ల సంఖ్య. రెండూ కలిపితే 120, సరిపోయింది.

## 2. ప్రతి అంకెకూ మూడు ప్రశ్నలు

మూడు వృత్తాలు ఒకదానితో ఒకటి ఖండించుకుంటే, బయటి చోటుతో కలిపి ఎనిమిది భాగాలు వస్తాయి. ఎనిమిదే ఎందుకంటే ప్రతి మనిషినీ మనం మూడు ప్రశ్నలు అడుగుతున్నాం. తిరుచానూరు చూశావా? శ్రీకాళహస్తి చూశావా? కాణిపాకం చూశావా? ప్రతిదానికీ అవును, కాదు అని రెండే జవాబులు. 2 × 2 × 2 = 8.

పటాన్ని మాటల్లోకి మార్చే పనిలో కీలకం ఇదే. ఒక అంకె గురించి రాసిన వాక్యం ఆ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పాలి. ఒక్క ప్రశ్నను వదిలేసినా, చదివేవాడు దాన్ని తన ఊహతో నింపుకుంటాడు.

ముందు ఇలా పట్టిక వేసుకోండి. వాక్యాలు తర్వాత.

| తిరుచానూరు | శ్రీకాళహస్తి | కాణిపాకం | సంఖ్య |
|---|---|---|---|
| అవును | అవును | అవును | 12 |
| అవును | అవును | కాదు | 18 |
| అవును | కాదు | అవును | 14 |
| కాదు | అవును | అవును | 6 |
| అవును | కాదు | కాదు | 28 |
| కాదు | అవును | కాదు | 10 |
| కాదు | కాదు | అవును | 8 |
| కాదు | కాదు | కాదు | 24 |

చాలామందికి ఈ పట్టికే సరిపోతుంది. పటం బదులు దీన్నే ప్రశ్నలో పెట్టేయొచ్చు. వాట్సాప్‌లో మాత్రం పట్టిక నిలవదు, గళ్లు చెదిరిపోతాయి. పరీక్ష హాలులో స్క్రైబ్ చదివి వినిపించాలన్నా పట్టిక కంటే వాక్యాలే నయం.

## 3. వాక్యాల్లో పెట్టండి: "చూసి... చూడని"

పట్టికలోని ప్రతి వరుసా ఒక వాక్యం అవుతుంది. లోపలి నుంచి బయటికి రావడం మంచిది: ముందు మూడూ, తర్వాత రెండేసి, ఆ తర్వాత ఒక్కొక్కటి, చివర ఏదీ లేనివాళ్లు. పటం గీసుకుంటూ చదివేవాడు కూడా మధ్య భాగంతోనే మొదలుపెడతాడు కాబట్టి ఈ వరుస అతని చేతికి సరిగ్గా అందుతుంది.

> 120 మంది యాత్రికులను మూడు క్షేత్రాల గురించి అడిగారు.
> మూడు క్షేత్రాలూ చూసినవారు 12 మంది.
> తిరుచానూరు, శ్రీకాళహస్తి చూసి కాణిపాకం చూడనివారు 18 మంది.
> తిరుచానూరు, కాణిపాకం చూసి శ్రీకాళహస్తి చూడనివారు 14 మంది.
> శ్రీకాళహస్తి, కాణిపాకం చూసి తిరుచానూరు చూడనివారు 6 మంది.
> తిరుచానూరు చూసి మిగతా రెండూ చూడనివారు 28 మంది.
> శ్రీకాళహస్తి చూసి మిగతా రెండూ చూడనివారు 10 మంది.
> కాణిపాకం చూసి మిగతా రెండూ చూడనివారు 8 మంది.
> మూడింటిలో ఏదీ చూడనివారు 24 మంది.

"చూసి... చూడనివారు" అన్న వాక్యనిర్మాణాన్ని గమనించండి. చూసినవేవో, చూడనివేవో రెండూ ఒకే వాక్యంలో వచ్చేశాయి. ఊహించుకోవడానికి ఏమీ మిగల్లేదు. "ఆడి... ఆడని", "తాగి... తాగని", "చదివి... చదవని" అంటూ ఏ విషయానికైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.

"ఎడమ వృత్తం", "కింది వృత్తం" అని మాత్రం రాయకండి. పటం లేనప్పుడు ఎడమ, కుడి ఉండవు. ఎప్పుడూ సమితి పేరే చెప్పండి.

## 4. "రెండూ", "మాత్రమే": ఎక్కువ తప్పులు ఇక్కడే

పైన చెప్పినంత పొడుగ్గా రాయడం ఎందుకని చాలామంది ఇలా కుదిస్తారు: "తిరుచానూరు, శ్రీకాళహస్తి రెండూ చూసినవారు 18 మంది."

తిరుచానూరు సమితిని T, శ్రీకాళహస్తిని S, కాణిపాకాన్ని K అందాం. సమితుల లెక్కల్లో "రెండూ చూసినవారు" అంటే ఛేదనం, n(T∩S). మూడో క్షేత్రం కూడా చూసినవాళ్లు అందులో ఉంటారు. పటంలో 18 మాత్రం మూడోది చూడనివాళ్లది. అసలు ఛేదనం 18 + 12 = 30. అంటే మనం 30 అని చెప్పాల్సిన చోట 18 అని చెప్పాం.

ఇప్పుడు విద్యార్థి ఏం చేస్తాడో చూడండి. మూడు జంటలూ అతనికి "రెండూ చూసినవారు" అనే అందాయి: 18, 14, 6. మూడూ చూసినవారు 12. అతను పద్ధతి ప్రకారం ప్రతి జంటలోంచీ 12 తీసేస్తాడు.

- 18 − 12 = 6
- 14 − 12 = 2
- 6 − 12 = −6

మైనస్ ఆరుగురు యాత్రికులు ఉండరు. కాబట్టి ప్రశ్నలో ఏదో తేడా ఉందని ఇక్కడ తెలిసిపోతుంది. మూడూ చూసినవాళ్లు ఏ జంటలోనైనా ఉంటారు కనుక, ఛేదనం సంఖ్య మధ్య సంఖ్య కంటే తక్కువ కాకూడదు. ఎవరైనా పంపిన ప్రశ్నలో జంట సంఖ్య మధ్య సంఖ్య కంటే చిన్నదిగా కనిపిస్తే, వాళ్లు "రెండూ" అని రాసింది నిజానికి "మూడోది కాకుండా రెండూ" అని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు.

ఈ హెచ్చరిక ప్రతిసారీ దొరకదు. అదే పటంలో 6 స్థానంలో 16, మొత్తం 120 స్థానంలో 130 ఉందనుకోండి. అప్పుడు విద్యార్థికి 6, 2, 4 వస్తాయి. ఒక్క మైనస్ కూడా లేదు. "కనీసం రెండు క్షేత్రాలు చూసినవారు ఎందరు?" అని అడిగితే అతను 6 + 2 + 4 + 12 = 24 అంటాడు. అసలు జవాబు 18 + 14 + 16 + 12 = 60. లెక్క ఎక్కడా తడబడకుండా, పూర్తి నమ్మకంతో తప్పు జవాబు వచ్చింది. ఇందులో విద్యార్థి తప్పేమీ లేదు.

కొందరు దీన్ని సరిచేయబోయి "తిరుచానూరు, శ్రీకాళహస్తి మాత్రమే చూసినవారు 18 మంది" అని రాస్తారు. ముందరి దానికంటే నయమే. అయినా "మాత్రమే" అన్న మాట రెండు పేర్లనూ కలిపి పట్టుకుందా, చివరి పేరును మాత్రం పట్టుకుందా అన్నది చదివేవాడి మీద ఆధారపడి ఉంటుంది. "ఈ రెండు మాత్రమే" అని రాస్తే కొంత గట్టిపడుతుంది. "కాణిపాకం చూడని" అని నేరుగా చెప్పేస్తే అనుమానమే ఉండదు. చోటు తక్కువని ఆ రెండు మాటలు మిగుల్చుకోవద్దు.

ఇలాంటివే ఇంకో రెండు మాటలున్నాయి. ఇవి ఎక్కువగా ప్రశ్న భాగంలో వస్తాయి.

"లేదా": "తిరుచానూరు లేదా శ్రీకాళహస్తి చూసినవారు" అంటే లెక్కల్లో సమ్మేళనం. రెండూ చూసినవాళ్లు కూడా ఉంటారు. తిరుచానూరు వృత్తం మొత్తం 72, శ్రీకాళహస్తి వృత్తం మొత్తం 46 కాబట్టి 72 + 46 − 30 = 88.

"ఏదో ఒకటి": మామూలు మాటల్లో దీన్ని "కనీసం ఒకటి" అన్న అర్థంలోనూ, "రెండింట్లో ఒకటే" అన్న అర్థంలోనూ వాడతాం. రెండో అర్థంలో తీసుకుంటే జవాబు 28 + 14 + 10 + 6 = 58. 88కీ 58కీ పోలిక లేదు. కాబట్టి "ఏదో ఒకటి" అన్న మాటను పక్కన పెట్టి, "కనీసం ఒకటి" అనో "సరిగ్గా ఒకటే" అనో రాయండి.

## 5. మొత్తాలతో రాయాలంటే

ఎనిమిది వాక్యాల బదులు వృత్తాల మొత్తాలతో, ఛేదనాలతో కూడా అదే సమాచారం చెప్పొచ్చు. పాఠ్యపుస్తకాల్లోని మాటల లెక్కలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. మన పటానికి అది ఇలా వస్తుంది.

```
n(U) = 120
n(T) = 28 + 18 + 14 + 12 = 72
n(S) = 10 + 18 + 6 + 12 = 46
n(K) = 8 + 14 + 6 + 12 = 40
n(T∩S) = 30,  n(T∩K) = 26,  n(S∩K) = 18
n(T∩S∩K) = 12
```

సరిచూసుకోవడం: 72 + 46 + 40 − 30 − 26 − 18 + 12 = 96. లోపలి భాగాల మొత్తం కూడా 96. సరిపోయింది.

రెండు పద్ధతుల్లో ఏదైనా వాడండి, కానీ ఒకే ప్రశ్నలో రెండూ కలపకండి. వృత్తాలకు మొత్తాలు చెప్పి, జంటలకు మాత్రం "మూడోది కాకుండా" సంఖ్య ఇస్తే చదివేవాడు తికమక పడతాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. పటంలో భాగాల సంఖ్యలుంటే ఆ ప్రశ్న కూడికల ప్రశ్న. దాన్ని మొత్తాలతో తిరగరాస్తే తీసివేతల ప్రశ్న అవుతుంది. జవాబు అదే అయినా కష్టం పెరిగింది, పట్టే సమయం పెరిగింది. పోటీ పరీక్షకు టైమ్ పెట్టుకుని సాధన చేసేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు. పటంలో ఏ రూపంలో ఉందో మాటల్లోనూ ఆ రూపంలోనే ఉంచడం నా పద్ధతి.

## 6. ఖాళీ భాగం, x, షేడ్

ఖాళీ భాగం. ఒక భాగంలో అంకె లేకపోతే అది సున్నానా, ఇవ్వలేదా? పటమే ఆ సంగతి చెప్పదు, ప్రశ్నను బట్టి తెలుసుకోవాలి. మన పటంలో 24 రాయలేదనుకోండి, మొత్తం 120 అని పైన ఇచ్చారు. అప్పుడు "మూడింటిలో ఏదీ చూడనివారి సంఖ్య ఇవ్వలేదు" అని రాయండి. మీరే లెక్కకట్టి 24 అని రాస్తే, విద్యార్థి చేయాల్సిన పని మీరు చేసేసినట్టు. ఆ వాక్యాన్ని అసలు వదిలేస్తే, అందరూ ఏదో ఒక వృత్తంలో ఉన్నారని అతను అనుకుంటాడు. రెండూ నష్టమే.

x ఉంటే అలాగే ఉంచండి: "శ్రీకాళహస్తి, కాణిపాకం చూసి తిరుచానూరు చూడనివారు x మంది."

షేడ్. బడి లెక్కల్లో షేడ్ చేసిన భాగం అంటే దాదాపు ఎప్పుడూ "అడుగుతున్న భాగం". తర్కంలో 19వ శతాబ్దంలో జాన్ వెన్ వాడిన పద్ధతిలో షేడ్ అంటే "ఇందులో ఎవరూ లేరు" అని అర్థం. పైచదువుల తర్కం పేపర్ నుంచి తెచ్చిన ప్రశ్న అయితే ఈ తేడా చూసుకోండి.

షేడ్‌ను మాటల్లో పెట్టేటప్పుడు ఏ ప్రశ్న అడిగారో చూడాలి. "షేడ్ చేసిన భాగంలో ఎందరున్నారు?" అని అడిగితే "తిరుచానూరు చూసి కాణిపాకం చూడనివారు" అని నేరుగా చెప్పొచ్చు. "షేడ్ చేసిన భాగం కింది వాటిలో దేన్ని సూచిస్తుంది?" అని అడిగి ఆప్షన్లలో T − K, T∩K లాంటివి ఇస్తే అలా చెప్పకూడదు. చెబితే జవాబు చేతిలో పెట్టినట్టే. అప్పుడు పట్టికలోని ఎనిమిది వరుసలూ తీసుకుని, ఒక్కోదాని పక్కన షేడ్ ఉంది, లేదు అని రాయండి. ఏయే భాగాలు కలిస్తే ఏ సమితి అవుతుందో విద్యార్థే తేల్చుకుంటాడు.

## 7. పటం ఇప్పటికే పోయిందా? రాబట్టే వరుస

ముందు అసలు పేజీ కోసం అడగండి. పంపినవాళ్ల దగ్గర పీడీఎఫ్ ఉంటే కాపీ చేసి పేస్ట్ చేయకుండా స్క్రీన్‌షాట్ తీయమనండి. ఒక్క మెసేజ్‌తో తీరే పనికి గంట కూర్చోవద్దు. అసలు దొరకనప్పుడే కింది పద్ధతి.

పటం ఎలా పోయిందో గుర్తించండి. పీడీఎఫ్‌లోంచి వాక్యాలు కాపీ చేస్తే గీతలు పోతాయి, అంకెలు తరచుగా మిగులుతాయి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన మెటీరియల్‌ను యూనికోడ్‌లోకి మార్చినప్పుడు అంకెలు కూడా పోతాయి. పటంలోని ప్రతి అంకె విడి టెక్స్ట్ బ్లాక్‌గా ఉంటుంది, ప్రశ్న పాఠంతో కలిసి ఉండదు. కన్వర్టర్‌లోకి పాఠం ఒక్కటే వెళ్తుంది. స్కాన్ చేసిన పేజీ నుంచి ఎవరో చేత్తో టైప్ చేస్తే పటం పూర్తిగా పోయినట్టే.

అంకెలు ఒక్కటి కూడా మిగలకపోతే, ప్రశ్నలోని మాటల్లో సరిపడా సమాచారం లేకపోతే ఆ ప్రశ్నను వదిలేయండి. ఆప్షన్లు చూసి అంకెలు పుట్టించడం కుదురుతుంది గానీ, అప్పుడు అది వేరే ప్రశ్న అవుతుంది.

మన ఉదాహరణ ఇలా వచ్చిందనుకుందాం:

```
120 మంది యాత్రికుల వివరాలు పటంలో ఉన్నాయి.
తిరుచానూరు        శ్రీకాళహస్తి
28  18  10
14  12  6
8
కాణిపాకం   24
తిరుచానూరు చూసి కాణిపాకం చూడనివారు ఎందరు?
1) 28   2) 46   3) 58   4) 18
```

మొదటి అడుగు: కూడండి. 28 + 18 + 10 + 14 + 12 + 6 + 8 + 24 = 120. మొత్తానికి సమానం. ఎనిమిది అంకెలు, ఎనిమిది భాగాలు. అంటే ఇవి భాగాల సంఖ్యలే, ఛేదనాలు కావు. ఈ ఒక్క కూడికతో 4వ మెట్టులో చెప్పిన అనుమానం తీరిపోతుంది.

రెండో అడుగు: వరుసల ఆకారం చూడండి. పైన రెండు వృత్తాలు, కింద ఒకటి ఉన్న పటం పై నుంచి కిందికి చదివితే అంకెలు 3, 3, 1గా పడతాయి. మొదటి వరుసలో ఎడమ వృత్తం ఒక్కటే, పై రెండింటి ఉమ్మడి, కుడి వృత్తం ఒక్కటే. రెండో వరుసలో ఎడమ–కింది ఉమ్మడి, మూడింటి ఉమ్మడి, కుడి–కింది ఉమ్మడి. మూడో వరుసలో కింది వృత్తం ఒక్కటే. పైన ఒకటి, కింద రెండు ఉన్న పటమైతే 1, 3, 3గా పడతాయి. రెండు రకాల్లోనూ మధ్య వరుసలోని మధ్య అంకె మూడింటి ఉమ్మడిదే.

ఇక్కడ 3, 3, 1 ఉంది. రెండు పేర్లు పైన, ఒక పేరు కింద ఉన్నాయి. ఆకారమూ పేర్లూ ఒకదానికొకటి సరిపోయాయి. కాబట్టి 12 మధ్యది, 18 తిరుచానూరు–శ్రీకాళహస్తి, 14 తిరుచానూరు–కాణిపాకం.

మూడో అడుగు: ఆప్షన్లతో సరిచూడండి. తిరుచానూరు చూసి కాణిపాకం చూడనివారు 28 + 18 = 46. ఆప్షన్లలో ఉంది. అంతటితో ఆగకండి, తప్పు ఆప్షన్లు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చూడండి. 28 అంటే శ్రీకాళహస్తితో పంచుకున్నవాళ్లను మరిచిపోయిన జవాబు. 18 అంటే ఆ పంచుకున్నవాళ్లే. 58 అంటే 72లోంచి 26 తీయాల్సింది 14 తీసిన జవాబు, మధ్యలో ఉన్న 12 మందిని మరిచిపోయారు. ప్రశ్నలు తయారుచేసేవాళ్లు తప్పు ఆప్షన్లను ఇలాంటి పొరపాట్ల నుంచే అల్లుతారు. మీరు రాబట్టిన పటంతో నాలుగు ఆప్షన్లకూ కారణం దొరికితే ఆ పటం సరైనదని ధైర్యంగా చెప్పొచ్చు. జవాబు ఒక్కటే కలిసి మిగతా మూడూ గాల్లో వేలాడుతుంటే అనుమానించండి.

ఎక్కడ ఈ పద్ధతి చెల్లదు? అంకెలన్నీ వరుసకు ఒకటి చొప్పున కిందికి దిగి ఉంటే, అవి పటంలో ఉన్న చోటును బట్టి వచ్చినవి కాకపోవచ్చు. పటం గీసినవాళ్లు ఏ వరుసలో టైప్ చేశారో ఆ వరుసలో వచ్చి ఉండొచ్చు. అప్పుడు కూడిక వల్ల ఇవి భాగాల సంఖ్యలని తెలుస్తుంది గానీ, ఏది ఏ భాగానిదో తెలియదు. ఆప్షన్లూ కీ రెండూ ఉంటే కొంత పట్టుకోవచ్చు. కీ లేకపోతే, రాబట్టానని చెప్పి పంపకండి.

రాబట్టిన ప్రశ్నను ఇతరులకు పంపేటప్పుడు "పటం అంకెల వరుసను బట్టి తిరిగి కూర్చినది" అని ఒక లైను పెట్టండి. లేకపోతే అదే అసలు ప్రశ్నగా చెలామణి అయిపోతుంది.

## 8. అంకెలు లేని పటాలు

రీజనింగ్ పేపర్లలో ఇంకో రకం ఉంటుంది. "తిరుపతి, ఆంధ్రప్రదేశ్, భారతదేశం: వీటి సంబంధాన్ని చూపే పటం ఏది?" అని అడిగి నాలుగు ఆప్షన్లూ పటాలుగానే ఇస్తారు. కాపీ చేస్తే (1), (2), (3), (4) మిగులుతాయి.

ఇక్కడ ప్రతి ఆప్షన్‌నూ వృత్తాల అమరికతో చెప్పాలి, పేర్లు పెట్టకుండా: "మూడు వృత్తాలు, చిన్నది మధ్యదానిలో, మధ్యది పెద్దదానిలో", "రెండు వృత్తాలు ఖండించుకుంటాయి, మూడోది విడిగా ఉంది", "ఒక పెద్ద వృత్తంలో రెండు చిన్నవి, అవి ఒకదాన్నొకటి తాకవు". మొదటిది తిరుపతి ప్రశ్నకు జవాబు. "ఉపాధ్యాయులు, మహిళలు, మామిడికాయలు" అని అడిగితే రెండోది.

"తాకవు", "ఖండించుకుంటాయి", "లోపల ఉంది": ఈ మూడు మాటలతో ఈ రకం పటాలు దాదాపు అన్నీ చెప్పొచ్చు. "కలిసి ఉన్నాయి" అని రాయకండి. ఖండించుకున్నాయో, ఒకదానిలో ఒకటి ఉందో దాన్నుంచి తెలియదు.

## 9. పంపే ముందు చూసుకోవాల్సినవి

- ప్రతి వాక్యం మూడు సమితుల గురించీ చెబుతోందా? రెండు సమితుల పటమైతే రెండింటి గురించీ, భాగాలు నాలుగు.
- ఎనిమిది భాగాలకూ వాక్యాలున్నాయా? ఇవ్వని సంఖ్యను "ఇవ్వలేదు" అని రాశారా?
- అన్నీ ఇచ్చినప్పుడు కూడితే మొత్తం వస్తోందా?
- "రెండూ చూసినవారు" అని ఎక్కడైనా రాస్తే, అక్కడ నిజంగా ఛేదనమే ఇచ్చారా? ఆ సంఖ్య మధ్య సంఖ్య కంటే తక్కువ లేదు కదా?
- భాగాల సంఖ్యలూ మొత్తాలూ ఒకే ప్రశ్నలో కలిసిపోలేదు కదా?
- ఎడమ, కుడి, పైన, కింద అన్న మాటలు, "పై పటం" అన్న మాట తీసేశారా?
- పటంలో లేని జవాబును మీరే చెప్పేయలేదు కదా?

ఆఖరి పరీక్ష ఒకటి. మీరు రాసిన వాక్యాలను, అసలు పటం చూడని ఒకరికి ఇచ్చి పటం గీయమనండి. వాళ్లు గీసిన దాన్ని మీ పటం పక్కన పెట్టండి. వృత్తాల చోట్లు మారినా ఫర్వాలేదు, ఎనిమిది అంకెలూ వాటి వాటి భాగాల్లో ఉండాలి. ఒక్కటి తప్పు భాగంలోకి వెళ్లినా, ముందు ఆ అంకె వాక్యాన్ని తిరగరాయండి. గీసినవాళ్లకు నోటితో వివరించకండి, ఎందుకంటే రేపు చదివేవాళ్ల పక్కన మీరుండరు.

## 10. చదివి వినిపించేటప్పుడు

చూపు లేని విద్యార్థికి స్క్రైబ్ చదివి వినిపిస్తున్నా, ఫోన్‌లో ఫ్రెండ్‌కు ప్రశ్న చెబుతున్నా వాక్యాలు పైవే. చదివే తీరులో చిన్న మార్పు కావాలి. వినేవాడు వెనక్కి తిరిగి చూసుకోలేడు. అందుకే అంకెలకంటే ముందు మూడు సమితుల పేర్లూ, మొత్తమూ చెప్పండి. ఇంకా ఎన్ని వాక్యాలు రాబోతున్నాయో కూడా చెప్పండి: "ఎనిమిది వాక్యాలున్నాయి. మధ్య నుంచి బయటికి చదువుతాను."

ఒక్కో వాక్యం తర్వాత అతను రాసుకునేదాకా, లేదా మనసులో పెట్టుకునేదాకా ఆగండి. "చూసి", "చూడని" అన్న మాటల్ని కాస్త నొక్కి పలకండి. మళ్లీ చదవమంటే మొత్తం వాక్యం చదవండి. "అదే, పద్దెనిమిది" అని అంకె ఒక్కటే చెబితే, అది ఏ భాగానిదో అతనికి మళ్లీ అనుమానం వస్తుంది.